ఒక్క ఫొటోలోని ముఖాన్ని 3డీ మోడల్‌తో తిప్పితే ముక్కు ఎందుకు వెనకబడుతుంది?

ప్రశ్న: నా దగ్గర ఒక నటుడి ఫొటో ఉంది, దాదాపు కెమెరాకు నేరుగా చూస్తున్నాడు. వీడియోలో డూప్ తల పక్కకు 35 డిగ్రీల దాకా తిరుగుతుంది (ఇద్దరి అనుమతీ ఉంది). 68 ల్యాండ్‌మార్కులతో బాసెల్ మోడల్ ఫిట్ చేసి డూప్ తల పోజ్‌లోకి తిప్పుతున్నాను. ఫొటో మీద ఫిట్ చక్కగా కూర్చుంటుంది, కానీ తిప్పాక ముక్కు తిరగాల్సినంత తిరగట్లేదు, అవతలి వైపు దవడ బయటికి పొడుచుకొస్తోంది. తప్పు ఎక్కడ?

సమాధానం:

సూటిగా చెప్తాను. తిప్పడంలో తప్పు లేదండి, దానికి ముందు చేసిన రెండు ఫిట్‌లలో ఉంది. ఒకటి, ఫొటో మీద చేసిన ఫిట్‌లో ముఖం లోతు తక్కువ వచ్చి ఉంటుంది, అంటే మెష్‌లో ముక్కు ఉండాల్సినంత ముందుకు లేదు. రెండోది, వీడియో ఫ్రేమ్‌లో తల నిజంగా 35 డిగ్రీలు తిరిగి ఉంటే మీ సాల్వర్ అంతకంటే తక్కువ, ఏ 29 డిగ్రీలో చెప్తూ ఉంటుంది. దానికి కారణం దవడ గీత మీద ఉన్న పాయింట్లు. ఈ రెండు తప్పులూ ముక్కును ఒకే వైపుకు, అంటే ముఖం మధ్యకు లాగుతాయి, అందుకే చూడటానికి ఒకటే బగ్‌లా ఉంటుంది. ఒకటి సరిచేసి ఫలితం చూసి, సగమే బాగుపడిందేమిటని దాన్ని మళ్లీ పాత పద్ధతికి మార్చేసేవాళ్లను చాలామందిని చూశాను.

ఏది ఎంత అన్నది ముందు తేల్చుకోండి, దానికి ఒక తేలిక పరీక్ష ఉంది. డూప్ ఫ్రేమ్ మీద నటుడి ముఖం పెట్టకుండా, డూప్‌కే ఫిట్ చేసిన డూప్ మెష్‌ని అదే ఫ్రేమ్ మీద వైర్‌ఫ్రేమ్‌గా గీయండి. అక్కడే ముక్కు కొన అసలు ముక్కు కొన కంటే లోపలికి పడుతుంటే పోజ్ తప్పు. డూప్ మెష్ డూప్ మీద సరిగ్గా కూర్చుని, నటుడి మెష్ పెట్టినప్పుడే తేడా వస్తుంటే నటుడి లోతు తప్పు. మీరు చెప్పిన లక్షణాల్ని బట్టి రెండూ ఉన్నాయని నా అంచనా, ఎందుకంటే అవతలి దవడ పొడుచుకురావడం ఎక్కువగా పోజ్ తక్కువ రావడం వల్ల జరిగేది.

ముందు లోతు సంగతి

ఫొటో మీద ఫిట్ చక్కగా కూర్చుందన్నారు. నేరుగా తీసిన ఫొటో మీద అలా కూర్చోవడం లోతు గురించి దాదాపు ఏమీ చెప్పదు. గోడ మీద చెక్కిన బొమ్మను ఎదురుగా నిలబడి చూస్తే నిండుగానే ఉంటుంది, పక్కకు వెళ్తే గానీ అది ఎంత పల్చగా ఉందో తెలియదు. ఇక్కడ జరిగేది సరిగ్గా అదే, కాకపోతే పక్కకు వెళ్లి చూసే పని మీ బదులు 35 డిగ్రీల రొటేషన్ చేస్తోంది.

లెక్కేసి చూద్దాం. కళ్ల బయటి మూలల్ని కలిపే గీత నుంచి ముక్కు కొన 4.5 సెం.మీ. ముందుకు ఉందనుకుందాం, మనుషుల్లో సుమారుగా ఇలాంటి కొలతే ఉంటుంది. తల పక్కకు తిరిగే కోణం, అంటే యా కోణం, θ అయితే ముక్కు కొన పక్కకు జరిగే దూరం లోతు × sin θ. ఇప్పుడు మీ ఫిట్‌లో ఆ లోతు 4.5 బదులు 3.8 వచ్చింది, అంటే 7 మి.మీ. తప్పు. ఫొటోలో తల 4 డిగ్రీలు తిరిగి ఉందనుకుంటే అక్కడ కనిపించే తప్పు 7 × sin 4°, సుమారు అర మిల్లీమీటరు. ముఖం వెడల్పు 14 సెం.మీ. అనుకుని అది 280 పిక్సెళ్లలో పడితే సెంటీమీటరుకు 20 పిక్సెళ్లు, కాబట్టి ఆ తప్పు ఒక్క పిక్సెల్. ల్యాండ్‌మార్క్ డిటెక్టర్ వణుకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అదే మెష్‌ని 35 డిగ్రీలు తిప్పితే 7 × sin 35°, 4 మి.మీ., అంటే 8 పిక్సెళ్లు. ముక్కు కొన 8 పిక్సెళ్లు తప్పితే ఎవరైనా పట్టేస్తారు, ఏం తప్పో చెప్పలేకపోయినా ‘ఇది ఇతను కాదు’ అంటారు.

మరి ఆ 3.8 ఎక్కడి నుంచి వచ్చింది? మోడల్ సగటు నుంచి. 68 పాయింట్లకు x, y కలిపి మీ దగ్గర ఉన్నవి 136 సంఖ్యలు. 2009 బాసెల్ మోడల్‌లో ముఖాకృతికి ఉన్న కోఎఫిషియెంట్లే 199, పైన పోజ్‌కి ఇంకో ఆరు. తెలిసిన వాటి కంటే తెలియనివి ఎక్కువ, పైగా తెలిసిన వాటిలో లోతు చెప్పేవి దాదాపు లేవు. అలాంటప్పుడు లోతును నిర్ణయించేది రెగ్యులరైజేషన్, అది ఎటూ తేలనివాటిని సగటు వైపుకు లాగుతుంది. ఆ సగటు 200 మంది స్కాన్‌ల నుంచి వచ్చింది, వాళ్లలో ఎక్కువమంది యూరోపియన్లు. మీ నటుడి ముక్కు ఆ సగటు కంటే ముందుకు ఉంటే పల్చగా వస్తుంది, వెనక్కి ఉంటే అతిగా పొడుచుకొస్తుంది. 5,023 వెర్టెక్సులుండే ఫ్లేమ్ మోడల్‌ని ఇంకా చాలా ఎక్కువ స్కాన్‌లతో కట్టారు, దవడ, మెడ విడిగా తిరుగుతాయి కాబట్టి నాకు అది ఇంకాస్త సౌకర్యం, కానీ ఈ సమస్య అక్కడా ఉంటుంది. నేరుగా తీసిన ఒక్క ఫొటోలో లేని సమాచారాన్ని ఏ మోడలూ తీసుకురాలేదు, ఊహించగలదు అంతే.

ఇక్కడ చాలామంది చేసే పని రెగ్యులరైజేషన్ బరువు తగ్గించడం. అలా చేస్తే 2డీ ఎర్రర్ తగ్గుతుంది, అది చూసి సంతోషం వేస్తుంది, కానీ లోతు బాగుపడదు. పిక్సెల్, రెండు పిక్సెళ్ల డిటెక్టర్ వణుకును మింగడానికి కోఎఫిషియెంట్లు ఎక్కడెక్కడికో పోతాయి, తిప్పాక చెంపలు ఉబ్బి, గడ్డం వంకరపోయి కనిపిస్తుంది. నా అలవాటు ఏమిటంటే, మొదటి 40, 50 కోఎఫిషియెంట్లతోనే ఫిట్ చేసి వాటిని ప్రింట్ చేసి చూస్తాను. అవి సిగ్మా యూనిట్లలో ఉంటాయి కదా, రెండు మూడు కోఎఫిషియెంట్లు 3 దాటిపోయాయంటే బరువు తక్కువైనట్టు. అన్నీ 0.3 లోపలే ఉన్నాయంటే మీ చేతిలో ఉన్నది నటుడి ముఖం కాదు, సగటు ముఖం.

ఏం మార్చినా సరే, టెక్స్చర్ తీసేసి, ఉత్త బూడిద రంగు మెష్‌ని 60 నుంచి 90 డిగ్రీలు పక్కకు తిప్పి చూడండి. టెక్స్చర్ చాలా తప్పుల్ని కప్పేస్తుంది, కళ్లు, పెదాలు సరైన చోట కనిపిస్తే మన కన్ను లోతును క్షమించేస్తుంది. బూడిద రంగు మెష్‌కి ఆ దయ ఉండదు. నటుడి పక్క ఫొటో ఏదైనా ఉంటే దాని పక్కన పెట్టి నుదురు, ముక్కు, పెదాలు, గడ్డం గీత ఎలా పోతోందో పోల్చండి.

అసలు మందు మాత్రం రెండో ఫొటో. నటుడు అందుబాటులో ఉంటే తల 30, 40 డిగ్రీలు తిప్పిన ఫొటో ఒక్కటి తీయించుకోండి, వీలైతే రెండు వైపులా. వాటిని విడివిడిగా ఫిట్ చేసి కోఎఫిషియెంట్ల సగటు తీయొద్దు. అన్ని ఫొటోల సమీకరణాల్నీ ఒకేసారి పేర్చి, ముఖాకృతి కోఎఫిషియెంట్లు మాత్రం అన్నిటికీ ఒకటే, పోజ్, స్కేల్, హావభావం మాత్రం ప్రతి ఫొటోకీ వేరు అని పెట్టి పరిష్కరించండి. పైన లెక్కలో చూసిన 7 మి.మీ. తప్పు రెండో ఫొటోలో 8 పిక్సెళ్ల ఎర్రర్‌గా బయటపడుతుంది కాబట్టి ఇక సాల్వర్ దాన్ని దాచలేదు, సరిచేయక తప్పదు.

ఫొటో ఎంత దూరం నుంచి తీశారు?

ఇది మీరు రాయలేదు, కానీ అడగాల్సిందే. చెయ్యి చాచి తీసుకున్న సెల్ఫీ అయితే పైన చెప్పిందానికి తోడు ఇంకో తప్పు చేరుతుంది. కళ్ల మూలలు కెమెరాకు 35 సెం.మీ. దూరంలో ఉంటే ముక్కు కొన 30.5 సెం.మీ. దూరంలో ఉంటుంది, అంటే ముక్కు కళ్లతో పోలిస్తే 35/30.5, దాదాపు 15 శాతం పెద్దగా పడుతుంది. కళ్ల కంటే వెనకున్న చెవులు, దవడ మూలలు అదే లెక్కన చిన్నవైపోతాయి. అదే ఫొటో 150 సెం.మీ. నుంచి తీస్తే ముక్కు పెరిగేది 3 శాతమే.

చాలా ఫిటింగ్ కోడ్‌లు వాడేది వీక్ పర్‌స్పెక్టివ్ కెమెరా, దానికి దూరం అన్న సంగతే తెలియదు. పెద్ద ముక్కు, ఇరుకైన దవడ కనిపిస్తే అది లెన్స్ పని అనుకోదు, మనిషి ముఖమే అలా ఉందనుకుని కోఎఫిషియెంట్లను అటు లాగుతుంది. ఫొటో మీద మళ్లీ చక్కగా కూర్చుంటుంది, తిప్పాక మాత్రం ముక్కు వెడల్పుగా, చెంప నుంచి చెవి దాకా ఉండే భాగం పొట్టిగా వస్తుంది. కాబట్టి దూరం నుంచి, జూమ్ చేసి తీసిన ఫొటో వాడండి. సెల్ఫీ ఒక్కటే ఉంటే పర్‌స్పెక్టివ్ కెమెరాతో ఫిట్ చేయండి, ఫోకల్ లెంగ్త్‌ని ఫొటో మెటాడేటా నుంచి పిక్సెళ్లలోకి మార్చుకుని స్థిరంగా ఉంచండి. ఫోకల్ లెంగ్త్‌ని కూడా సాల్వర్‌కే వదిలేయొద్దు, అది ముఖాకృతి, దూరం రెండింటితో కలిసి అటూ ఇటూ జారుతూ ఎన్నెన్నో సమాన జవాబులిస్తుంది.

ఇప్పుడు డూప్ పోజ్

68 పాయింట్లలో 0 నుంచి 16 దాకా దవడ గీత. తల నేరుగా ఉన్నప్పుడు ఇవి నిజంగా దవడ ఎముక వెంట పడతాయి. తల పక్కకు తిరిగాక అవతలి వైపు దవడ చెంప వెనక దాక్కుంటుంది, 2డీ డిటెక్టర్‌కి దవడ కనిపించదు, కనిపించే అంచు మీదే పాయింట్లు పెట్టేస్తుంది, అది చెంప. అంటే ఐదో పాయింటు నేరుగా ఉన్నప్పుడు ముఖం మీద ఒక చోట, 35 డిగ్రీల దగ్గర ఇంకో చోట. మీ కోడ్‌లో మాత్రం ఆ పాయింటుకు ఒకటే వెర్టెక్స్ నంబర్ రాసి ఉంటుంది.

ఇప్పుడు సాల్వర్ వైపు నుంచి ఆలోచించండి. దవడ మీది ఆ వెర్టెక్స్‌ని 35 డిగ్రీలు తిప్పితే అది చెంప అంచు కంటే లోపలికి పడుతుంది. డిటెక్టర్ పాయింటు బయట ఉంది. ఈ తేడా తగ్గించడానికి సాల్వర్‌కి రెండే దారులు, ముఖాన్ని వెడల్పు చేయడం, లేదా తలను తక్కువ తిప్పడం. రెండూ కాస్త కాస్త చేస్తుంది. 35 బదులు 29 రావడం, అవతలి దవడ పొడుచుకురావడం, రెండూ ఇక్కడివే. ముక్కు వైపు చూస్తే 4.5 × (sin 35° − sin 29°), దాదాపు 4 మి.మీ. మళ్లీ తక్కువ. పైన లోతు వల్ల పోయిన 4 మి.మీ.కి ఇది తోడైతే మొత్తం 7, 8 మి.మీ. అవుతుంది. మీకు కనిపిస్తున్నది ఇదే అని నా నమ్మకం.

తేల్చుకోవడం చాలా తేలిక. 17 నుంచి 67 దాకా ఉన్న లోపలి 51 పాయింట్లతో మాత్రమే పోజ్ లెక్కేయండి, తర్వాత 68తో లెక్కేయండి. యా కోణంలో రెండు డిగ్రీల కంటే ఎక్కువ తేడా వస్తే దవడ పాయింట్లు మిమ్మల్ని లాగుతున్నట్టే.

సరిచేయడానికి ఒక దారి, దవడను పూర్తిగా వదిలేయడం. పోజ్‌కి అది చాలా వరకు సరిపోతుంది, ముఖం వెడల్పు మాత్రం తేలదు. మంచి దారి, ప్రతి ఇటరేషన్‌లో దవడ పాయింట్లకు వెర్టెక్సుల్ని మళ్లీ వెతకడం. ఇప్పుడున్న పోజ్‌లో మెష్‌ని పెట్టి, అవతలి వైపు ఏ వెర్టెక్సుల దగ్గర ఉపరితలం కెమెరా వైపు నుంచి వెనక్కి మళ్లుతోందో (నార్మల్ z గుర్తు మారే అంచులు) అవి తీసుకుని, వాటిలో ఒక్కో డిటెక్టర్ పాయింటుకు 2డీలో దగ్గరున్నదాన్ని జత చేయాలి. తర్వాత పోజ్, తర్వాత ముఖాకృతి, మళ్లీ జతలు, ఇలా పోజ్ కదలడం ఆగేదాకా. ఇవతలి వైపు దవడకు ఈ వెతుకులాట అక్కర్లేదు, మోడల్ మీద దవడ గీత వెంబడి గుర్తుపెట్టుకున్న వెర్టెక్సుల్లోంచి దగ్గరున్నదాన్ని తీసుకుంటే చాలు. ఇది మీరే రాయనక్కర్లేదు, `eos` అనే లైబ్రరీలో `fit_shape_and_pose` ఇదే పని చేస్తుంది. మొదటి రెండు మూడు ఇటరేషన్లు మాత్రం లోపలి పాయింట్లతోనే నడపండి, పోజ్ మరీ తప్పుగా ఉన్నప్పుడు జతలు వెతికితే తప్పు జతలే దొరుకుతాయి, ఆ తర్వాత అవి ఆ పోజ్‌నే సమర్థిస్తూ కూర్చుంటాయి.

డూప్ పోజ్‌ని డూప్ ముఖంతోనే లెక్కేయాలి

దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. నటుడి ముఖాకృతి ముందే ఉంది కదా, దాన్నే స్థిరంగా పెట్టి డూప్ ల్యాండ్‌మార్కులకు పోజ్ ఫిట్ చేస్తే ఒక మెట్టు తగ్గుతుంది అనిపిస్తుంది. చేయొద్దు. ఇద్దరి ముఖాలకూ ఉన్న తేడా అంతా పోవడానికి ఇంకో చోటు లేక పోజ్‌లోకి పోతుంది. ముఖ్యంగా పిచ్ పాడవుతుంది. డూప్‌కి ముక్కు కింద నుంచి గడ్డం దాకా దూరం నటుడి కంటే తక్కువ ఉంటే, తల కిందికి వంచితే అది కుదురుతుంది కదా అని సాల్వర్ అలాగే వంచేస్తుంది. తర్వాత నటుడి ముఖం డూప్ మెడ మీద కిందికి చూస్తున్నట్టు ఉంటుంది, మీరేమో బ్లెండింగ్‌లో తప్పు వెతుకుతూ ఉంటారు.

కాబట్టి డూప్‌కి అతని ముఖాకృతి అతనికి. అది వీడియో కాబట్టి తల రకరకాలుగా తిరిగిన ఓ పది పదిహేను ఫ్రేములు ఏరి, అందులో డూప్ ముఖాకృతిని ఒకేసారి కట్టేసి, ఇక మార్చొద్దు. మిగతా ఫ్రేముల్లో పోజ్, హావభావం మాత్రమే వెతకండి. దీనివల్ల ఫ్రేము ఫ్రేముకీ వణికే సమస్య కూడా చాలావరకు పోతుంది, ఎందుకంటే ఆ వణుకులో పెద్ద భాగం ముఖాకృతి, పోజ్ ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోవడం వల్ల వచ్చేదే. ఇంకా మిగిలితే రొటేషన్‌ని క్వాటర్నియన్లుగా మార్చి స్మూత్ చేయండి, యా, పిచ్, రోల్ కోణాల్ని విడివిడిగా కాదు.

చివరికి కలిపేది ఇలా ఉంటుంది. ల్యాండ్‌మార్కుల y ని ముందే పైకి తిప్పుకున్నామని (`h - y`) అనుకుంటున్నాను:

```python
# ఫొటో నుంచి రంగు తీసే చోటు: అన్నీ నటుడివే
S_src = (mean + B_id @ a_src + B_exp @ b_src).reshape(-1, 3)
uv = s_src * (S_src @ R_src.T)[:, :2] + t_src

# ఫ్రేములో పెట్టే చోటు: ముఖం నటుడిది, పోజ్, హావభావం డూప్‌వి
S_out = (mean + B_id @ a_src + B_exp @ b_tgt).reshape(-1, 3)
xy = s_fit * (S_out @ R_tgt.T)[:, :2] + t_fit
```

ఇందులో మూడు సంగతులు గమనించండి. రంగు తీసేటప్పుడు నటుడి సొంత హావభావం `b_src` ఉండాలి, లేకపోతే ఫొటోలో చిరునవ్వు ఉంటే పెదాల రంగు చెంప మీదికి వెళ్తుంది. `R_tgt` డూప్ సొంత ఫిట్ నుంచి వచ్చింది, దాన్ని ముట్టుకోవద్దు. `s_fit`, `t_fit` మాత్రం డూప్ ఫిట్‌వి కావు, రొటేషన్ స్థిరంగా ఉంచి, నటుడి మెష్ కళ్ల మూలలు డూప్ కళ్ల మూలల మీద పడేలా మళ్లీ లెక్కేసినవి. కళ్లు తప్పితే చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది, గడ్డం 3, 4 పిక్సెళ్లు కిందికి వస్తే తెలియదు.

ఇంకో చిన్న జాగ్రత్త. `solvePnP` వాడేవాళ్లకు y కిందికి, z లోపలికి ఉంటాయి, మోడల్‌లో y పైకి ఉంటుంది. ఆ తేడా సరిచేయడానికి ఒక్క అక్షాన్నే మైనస్ చేస్తే `np.linalg.det(R)` −1 అవుతుంది, ముఖం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ముఖం రెండు వైపులా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది కాబట్టి ఇది చాలాసేపు కనిపెట్టలేరు, పాపిట తీసిన వైపో పుట్టుమచ్చో చూస్తే తెలుస్తుంది. మైనస్ చేస్తే రెండు అక్షాలు చేయాలి, డిటర్మినెంట్ +1 రావాలి.

తిప్పాక చర్మం సాగడం

జ్యామితి కుదిరాక మీకు వచ్చే తదుపరి సమస్య ఇదే, అందుకే ముందే చెప్తున్నా. నేరుగా ఉన్న ఫొటోలో చెవి దగ్గరి చెంప కెమెరాకు బాగా ఏటవాలుగా ఉంటుంది, నార్మల్ 75 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. అక్కడ ఉపరితలంలో cos 75°, అంటే 26 శాతమే పిక్సెళ్లుగా పడింది. తల 35 డిగ్రీలు తిరిగితే ఇవతలి చెంప కెమెరా వైపు వస్తుంది, కోణం 40 అవుతుంది, cos 40° 77 శాతం. అంటే ఫొటోలో ఉన్న ఒక్క పిక్సెల్‌ని మూడు పిక్సెళ్లుగా సాగదీస్తున్నాం. చెంప మీద చర్మం నునుపుగా, అడ్డంగా చారల్లా కనిపిస్తే ఇదే కారణం. ఇంకాస్త అంచుకు వెళ్తే ఫిట్ రెండు పిక్సెళ్లు తప్పినా జుట్టో వెనక గోడో చెంప మీదికి వచ్చేస్తుంది.

నేను చేసేది, ఫొటో పోజ్‌లో ప్రతి వెర్టెక్స్ నార్మల్ z చూసి, 0.3 కంటే తక్కువ ఉన్నవి టెక్స్చర్‌కి పనికిరావని తీసేయడం, 0.3 నుంచి 0.5 దాకా మెల్లగా బరువు పెంచడం. నార్మల్‌తో పాటు z-బఫర్ కూడా చూడాలి, ముక్కు పక్కన దాగిన చెంప కెమెరా వైపే చూస్తూ ఉన్నా ఫొటోలో కనిపించకపోవచ్చు, అది వదిలేస్తే ముక్కు రంగు రెండుసార్లు పడుతుంది. తీసేసిన చోట రెండో ఫొటో ఉంటే దాని నుంచి నింపండి, లోతు కోసం తీయించిన ఆ 35 డిగ్రీల ఫొటోయే ఇక్కడా పనికొస్తుంది. లేకపోతే ఆ అంచులో డూప్ చర్మాన్నే ఉంచి రంగు కలిపేయండి. ఇవతలి చెంపను అవతలి చెంప అద్దంబొమ్మతో నింపే పద్ధతి ఒకటుంది, వెలుగు రెండు వైపులా సమానంగా పడిన ఫొటో అయితేనే చేయండి, లేదంటే ముక్కుకు అటూ ఇటూ ఒకే నీడ పడి ముఖం బల్లపరుపుగా అవుతుంది.

వెలుగు గురించి కూడా ఒక మాట. ఫొటోలో ముక్కు పక్కన పడ్డ నీడ టెక్స్చర్‌లో ముద్రపడిపోయి ఉంటుంది, తల తిప్పితే అది కూడా తలతో పాటు తిరుగుతుంది, గదిలో దీపం మాత్రం కదలదు. దీన్ని తర్వాత విడదీయడం పెద్ద పని, కాబట్టి ఫొటోయే మెత్తటి, సమానమైన వెలుగులో తీయించడం మేలు. నోటి లోపలి భాగం, పళ్లు, నాలుక ఈ మోడల్‌లో లేవు, డూప్ నోరు తెరిస్తే ఆ లోపలి భాగం డూప్ ఫ్రేము నుంచే ఉంచేయండి.

ఎంతవరకు వెళ్లొచ్చు అంటే, నేరుగా తీసిన ఒక్క ఫొటోతో 30 డిగ్రీల దాకా నేను ధైర్యంగా పంపిస్తాను. మీ 35 సరిగ్గా అంచు మీద ఉంది, ఒక పక్క ఫొటో తోడైతే ఇబ్బంది ఉండదు, 45 దాకా కూడా లాగొచ్చు. 60 దాటాక ఇది వేరే సమస్య, అక్కడ ముక్కు గీతే ముఖానికి అంచు అవుతుంది, డూప్ ముక్కు నటుడి ముక్కు కంటే పొడవైతే అది వెనక నుంచి కనిపిస్తుంది, దాని వెనకున్న బ్యాక్‌గ్రౌండ్ నింపాల్సి వస్తుంది. అలాంటి షాట్లు మీ వీడియోలో ఉంటే వాటికి ఈ పద్ధతి పెట్టుకోకండి, ఆ కోణంలోనే నటుణ్ని విడిగా తీయించుకోవడం తక్కువ పని.

ముందు 51 పాయింట్ల పరీక్ష, బూడిద రంగు మెష్ పక్క వీక్షణ, ఈ రెండూ చేసి చూడండి. యా కోణం ఎంత మారిందో, పక్కనుంచి ముక్కు ఎలా ఉందో రాస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను.